మధ్య పార్టిషన్ లేని పుస్తకాల రాక్: చేసిచ్చినవారికి ఏడాది వాడకం తర్వాత ఉత్తరం

అయ్యా,

మీరు చేసిచ్చిన పుస్తకాల రాక్‌ను ఏడాదికి పైగా వాడిన తర్వాత ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎత్తు, వెడల్పు, రంగు డ్రాయింగ్‌లో ఉన్నట్టే వచ్చాయి. వాటి గురించి అడిగేదేమీ లేదు. నా అభ్యంతరమంతా ఒక్క పలక మీదే. ఇద్దరం సంతకం పెట్టిన డ్రాయింగ్‌లో నిలువునా మధ్య పార్టిషన్ ఉంది, ఇంటికి వచ్చిన రాక్‌లో లేదు. దాన్ని మీ ఖర్చుతో పెట్టివ్వండి, లేదా రాక్ తీసుకెళ్లి డబ్బు వాపసు ఇవ్వండి.

రాక్ వచ్చిన కొత్తలో మీకు పంపిన మెసేజ్‌లో ‘ఫినిషింగ్ చాలా బాగుంది, మధ్యలో అడ్డం లేకపోవడంతో విశాలంగా కనిపిస్తోంది’ అని రాశాను. మార్పుకు నేను ఒప్పుకున్నట్టుగా ఇప్పుడు మీరు ఆ మాటే చూపిస్తున్నారు. ఫినిషింగ్ గురించి అన్నది నేటికీ నిజమే. లామినేట్ ఎక్కడా లేవలేదు, కింది సొరుగులు ఇప్పటికీ నునుపుగా జారుతున్నాయి. కానీ విశాలంగా ఉందన్నది ఖాళీ రాక్‌ను చూసి అన్న మాట. డ్రాయింగ్ మార్చుతున్నామని మీరు అంతకుముందు చెప్పలేదు, నేను అంగీకారమూ ఇవ్వలేదు.

ఆ పలక ఎందుకంత ముఖ్యమో లెక్కతో చెబుతాను. రాక్ వెలుపలి వెడల్పు 1200 మి.మీ. రెండు పక్క పలకల మందం తీసేస్తే లోపల 1164 మిగులుతుంది. 18 మి.మీ. పార్టిషన్ వచ్చి ఉంటే ఒక్కో అర పొడవు 573 అయ్యేది. పొడవు సగమైతే కుంగుదల కూడా సగమే తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. పొడవునా ఒకే తీరున బరువు పరచుకున్న అరలో కుంగుదల పొడవుకు నాలుగో ఘాతంగా మారుతుంది. అంటే పొడవు రెట్టింపైతే అర పదహారు రెట్లు కుంగుతుంది. మన కొలతలకు ఆ తేడా సుమారు 17 రెట్లు. ఆ ఒక్క పలక ఆదా చేయడంతో అరల కుంగుదల ఇంత పెరిగింది.

దీనికి తోడు సరుకు కూడా మారింది. డ్రాయింగ్‌లో అరలు 18 మి.మీ. ప్లైవుడ్ అని ఉంది. ముందు అంచుకు ఎడ్జ్ బ్యాండ్ ఉండడంతో బయటికి ఏమీ తెలియదు. అరను బయటికి లాగి, బ్యాండ్ వేయని వెనక అంచు చూస్తే తెలిసింది. ప్లై పొరల గీతలు లేవు, కనిపించేదంతా అదిమిన చెక్క పొట్టు. ఇది పార్టికల్ బోర్డు. ఒకే మందంలో ప్లైవుడ్‌కు ఉండే బిగువులో సుమారు సగమే దీనికి ఉంటుంది. పైగా బరువు కింద నెలల తరబడి నెమ్మదిగా వంగుతూనే పోతుంది. అయినా రెండు తప్పుల్లో పెద్దది పార్టిషన్ తీసేయడమే. అది ఉండి ఉంటే, ఇదే పార్టికల్ బోర్డుతో కూడా అర ఒకటిన్నర మిల్లీమీటరుకు మించి కుంగేది కాదు, నాకు ఈ ఉత్తరం రాసే అవసరం పడేది కాదు.

ఇప్పుడున్న పరిస్థితి ఇది. మూడో అర రెండు కొసల మధ్య దారం బిగించి, నడుమ స్కేలు పెట్టి కొలిస్తే కుంగుదల 21 మి.మీ. ఉంది. పుస్తకాలన్నీ తీసి ఒక రాత్రి వదిలేసినా 9 మి.మీ. వంపు అలాగే ఉంది. ఆ వంపు ఇక పోదు. బరువు ఎక్కువ పెట్టారని మీరు అన్నారు. ఆ అర మీది పుస్తకాలను తూకం వేశాను, 26 కిలోలు ఉన్నాయి. డ్రాయింగ్ అంచున రాసుకున్న పరిమితి మీటరుకు 30 కిలోలు. అంటే ఈ పొడవు అరకు దాదాపు 35 కిలోలు.

వంగిన అర చూడ్డానికి బాగోలేదన్నంతవరకే అయితే సర్దుకునేవాణ్ణి. నన్ను కలవరపెడుతున్నవి అరల కొసలను మోసే పిన్నులు. అర నడుమ కుంగినప్పుడు కొసలు ఏటవాలుగా తిరుగుతాయి. అప్పుడు బరువంతా పిన్ను లోపలి చివర మీద పడి, దాన్ని కిందికి వంచుతూ రంధ్రాన్ని సాగదీస్తుంది. మూడో అర ఎడమవైపు రెండు రంధ్రాలు ఇప్పటికే గుండ్రం పోయి కోలగా మారాయి. పిన్ను వేలితో కదిపితే ఊగుతోంది. అది జారితే 26 కిలోలు కింది అర మీద పడతాయి. ‘కొంత డబ్బు తగ్గించి ఇస్తాం, ఇలాగే వాడుకోండి’ అన్న మీ ప్రతిపాదనకు నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

ఫోన్‌లో మీరు చెప్పిన ఇంకో రెండు ఉపాయాలకు కూడా జవాబు ఇస్తున్నాను. అరను తిరగేసి పెట్టమన్నారు. కొన్నాళ్లు నిటారుగా కనిపించి, తర్వాత ఇటువైపు వంగుతుంది. పొడవు తగ్గలేదు కాబట్టి మళ్లీ అదే కథ. ముందు అంచు కింద 40 మి.మీ. చెక్క పట్టీ కొడతామన్నారు. ఇది అర్థం లేనిది కాదు, ముందు అంచు కుంగుదల బాగా తగ్గుతుంది. కానీ వెనక అంచుకు ఆ ఆసరా ఉండదు కాబట్టి అర వెనక్కి వాలుతుంది. వెనక కూడా పట్టీ వేస్తే మేలే. అయితే పట్టీలను పట్టి ఉంచాల్సింది పార్టికల్ బోర్డులోకి దిగిన స్క్రూలు. వాటి పట్టు ఎన్నాళ్లుంటుందో మీకు నాకంటే బాగా తెలుసు.

కాబట్టి చేయాల్సిన పని ఇలా ఉండాలి. పైపలక నుంచి అడుగుపలక దాకా 18 మి.మీ. ప్లై పార్టిషన్ నిలబెట్టాలి. పైనా కిందా స్క్రూతో పాటు చెక్క డోవెల్ కూడా వేయాలి. అరలన్నీ కొత్తగా ప్లైలో, పై పొర నార అర పొడవునా వచ్చేలా కోయించాలి. నార అడ్డంగా వస్తే ప్లై బిగువు బాగా పడిపోతుంది. ఎడమవైపు సాగిన రంధ్రాల్లో డోవెల్ ముక్క జిగురుతో దిగగొట్టి, ఆరాక మళ్లీ 5 మి.మీ. డ్రిల్ వేయాలి. అన్నిటికన్నా మరచిపోకూడనిది అడుగుపలక కింద పీఠంలో, సరిగ్గా పార్టిషన్ వచ్చే చోట, నేలను తాకే చెక్క దిమ్మె. పార్టిషన్ వచ్చాక అరల బరువులో దాదాపు సగం దాని గుండానే దిగుతుంది. కింద దిమ్మె లేకపోతే అడుగుపలక కుంగి, పార్టిషన్‌తో పాటు అరలన్నీ మధ్యలో దిగుతాయి, సొరుగులు పట్టేస్తాయి. పార్టిషన్ మాత్రమే పెట్టి చేతులు దులుపుకుంటే ఇప్పుడు బాగున్న భాగం కూడా పాడవుతుంది.

సరుకు, కూలి, రవాణా మీవి. రాక్ ఖాళీ చేసి ఇవ్వడం నా వంతు. ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో పని పూర్తి కావాలి. పని చేయలేమంటే రాక్ మీ ఖర్చుతో తీసుకెళ్లి, అడ్వాన్సుతో సహా మొత్తం డబ్బు తిరిగి ఇవ్వండి. సంతకాల డ్రాయింగ్ నకలు, దారం కొలత ఫొటోలు, వెనక అంచు ఫొటో, తూకం ఫొటో జతచేస్తున్నాను.

మీ దగ్గర చేయించుకోవచ్చా అని అడిగేవారికి నేను చెప్పేది నా వాడకాన్ని బట్టే ఉంటుంది. నావి ఎక్కువగా దళసరి అట్టల పుస్తకాలు. బొమ్మలు, దుప్పట్లు పెట్టుకునే ఇంట్లో ఇదే రాక్ చాలా ఏళ్లు వంకర లేకుండా నిలుస్తుందేమో. సొరుగుల పని చూస్తే మీకు చేయి తిరిగిందని ఎవరైనా ఒప్పుకుంటారు. పుస్తకాలకైతే మాత్రం, అరల పొడవు, సరుకు రాసి ఉన్న డ్రాయింగ్ చేత పట్టుకుని, రాక్ బండి ఎక్కకముందే మీ షెడ్డుకు వెళ్లి ఒక అర బయటికి లాగి వెనక అంచు చూసుకోమంటాను.

రెండిట్లో ఏది చేస్తారో, ఏ తేదీకి చేస్తారో ఫోన్‌లో కాకుండా రాతలో తెలపండి. అంతవరకూ మూడో అర ఖాళీగానే ఉంచుతున్నాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు