మూడేళ్ల తర్వాత పది లక్షలు కావాలంటే: కూపన్ బాండా, జీరోనా?

కూకట్‌పల్లిలో ఉండే మా బావ కూతురి ఇంజినీరింగ్ ఫీజుకు మూడేళ్లలో పది లక్షలు కావాలి. బ్రోకరు రెండు ప్రభుత్వ బాండ్లు చూపించాడట. ఒకటి ఏటా 7 శాతం వడ్డీ, అంటే కూపన్, ఇచ్చేది, ధర 100. రెండోది మధ్యలో ఏమీ ఇవ్వకుండా మూడేళ్ల చివర ఒకేసారి 100 ఇచ్చే జీరో, ధర 81.63. "రెండూ 7 శాతమే, ఏదైనా ఒకటే అంటున్నాడు, నిజమేనా?" అని అడిగాడు.

"కాదు బావా, ఒకటి కాదు. మీ అవసరానికి జీరోయే మేలు, కానీ ఆ ధరకి కాదు" అన్నాను.

కూపన్ బాండు 7 శాతం అంటే మూడు వేర్వేరు కాలాల రేట్లు కలిపిన సగటు. జీరోలో ఉన్నది చివరి ఏడాది చెల్లింపు ఒక్కటే కాబట్టి దానికి మూడేళ్ల స్పాట్ రేటే, అంటే ఇవాళ పెట్టి మూడేళ్ల చివర ఒకేసారి తీసుకునే డబ్బుకి పలికే రేటే, కావాలి. అది ఎక్కడా రాసి ఉండకపోతే కూపన్ బాండ్ల ధరల్లోంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ తీయాలి. దాన్నే బూట్‌స్ట్రాపింగ్ అంటారు. లెక్క తేలిక కోసం కూపన్ ఏడాదికోసారే అనుకుందాం (మన ప్రభుత్వ బాండ్లు నిజానికి ఆరు నెలలకోసారి ఇస్తాయి).

ఏడాది తర్వాత 100 ఇచ్చే ట్రెజరీ బిల్లు ధర 94.34. అంటే ఏడాది తర్వాతి రూపాయి ఇవాళ 0.9434, రేటు 6 శాతం. రెండేళ్ల 6.5 శాతం బాండు ధర 100. దాని మొదటి కూపన్ విలువ 6.13. మిగిలిన 93.87 రెండో ఏట వచ్చే 106.50 కి ధర. భాగిస్తే 0.8814, రేటు 6.52. ఇప్పుడు మన మూడేళ్ల బాండు. మొదటి రెండు కూపన్లు 7 × (0.9434 + 0.8814) = 12.77. మిగిలిన 87.23 ని 107 తో భాగిస్తే 0.8152, రేటు 7.05 శాతం.

కాబట్టి జీరో సరైన ధర 81.52. బ్రోకరు 7 శాతంతో లెక్కేసి 11 పైసలు ఎక్కువ చెప్పాడు. పది లక్షల మీద అది దాదాపు 1,100 రూపాయలు. దురుద్దేశం కాకపోవచ్చు, చాలామంది చేసే పొరపాటే.

అయితే ఈ మెట్లలో ఒకటి పుచ్చిపోతే? రెండేళ్ల బాండు సరిగా ట్రేడ్ కాక పాత ధర 99.50 చూపించిందనుకోండి. రెండేళ్ల రేటు 6.80 కి ఎగురుతుంది, మూడేళ్లది మాత్రం 7.03 దగ్గరే ఉంటుంది. రేట్లు చూస్తే తప్పు కనబడదు. రెండో ఏడాది నుంచి మూడో ఏడాదికి పలికే ఫార్వర్డ్ రేటు చూడండి: 8.12 ఉండాల్సింది 7.50 కి పడిపోతుంది. అలా ఊగితే ముందు ధరను అనుమానించాలి. పోగైన వడ్డీ కలపని ధర వాడినా లెక్క తప్పుతుంది.

ఇక తీర్పు. కూపన్ బాండులో ఏటా వచ్చే 7 ని ఏ రేటుకి తిరిగి పెడతారో ఇవాళ తెలియదు, రేట్లు తగ్గితే పది లక్షలకు కొంత తక్కువ పడుతుంది. జీరోకి ఆ బెంగ లేదు. మధ్యలో అమ్మాల్సి వస్తే మాత్రం దాని ధర కాస్త ఎక్కువ ఊగుతుంది, కొనేవాళ్లూ తక్కువ. 81.52 కో అంతకంటే తక్కువకో ఇస్తే జీరో తీసుకోమన్నాను. ఇవ్వకపోతే ఆ 1,100 ని తిరిగి పెట్టుబడి బెంగకు కట్టే బీమా ప్రీమియం అనుకుని ఒప్పుకోవాలో లేదో బావ ఇష్టం.