నిఫ్టీని కౌలుకు తీసుకుని పదిహేను నెలలు

2024 జనవరి నుంచి 2025 ఏప్రిల్ దాకా ఇండెక్స్ ఫండ్ కొనకుండా, దాని బదులు ఏడాది గడువున్న నిఫ్టీ డీప్ ఐటీఎం కాల్ పట్టుకున్నాను, అంటే ఇప్పటి ధర కన్నా బాగా కింద ఉన్న ధరకి నిఫ్టీ కొనే హక్కు. మా భీమవరం వైపు లెక్కలో చెప్పాలంటే, చేను కొనకుండా కౌలుకు తీసుకోవడమే. కౌలు ముందే కట్టేస్తాం, పంట మనదే, పాసు పుస్తకం మాత్రం మన పేరున రాదు. గడువు తీరితే గట్టు దిగాల్సిందే. విడి కంపెనీల షేర్లకు ఈ పద్ధతి మన దగ్గర కుదరదు, వాటి ఆప్షన్లకు మూడు నెలలే గరిష్ఠ గడువు.

మొదటి విడత లెక్క చెబుతాను. నిఫ్టీ 21,700 దగ్గర ఉన్నప్పుడు 2024 డిసెంబర్ 18000 CE, అంటే 18,000 స్ట్రైక్ ధర ఉన్న కాల్, ఒక లాట్ కొన్నాను. దానికి కట్టిన ధర, అంటే ప్రీమియం, 4,700. అప్పట్లో ఒక లాట్ అంటే 50 నిఫ్టీలు. అంటే 10.85 లక్షల నిఫ్టీ 2.35 లక్షలకే చేతికొచ్చింది. మిగిలిన ఎనిమిదిన్నర లక్షలు 7 శాతానికి ఎఫ్‌డీ వేశాను.

ఎనిమిదిన్నర లక్షలు ఆదా అయ్యాయని మురిసిపోయాను గానీ, అది ఉత్తి ఆదా కాదు. ప్రీమియానికి స్ట్రైక్ కలిపి నిఫ్టీ ధర తీసేయండి: 4,700 + 18,000 − 21,700 = 1,000. ఆ వెయ్యి పాయింట్లు దాదాపుగా మనం తీసుకోకుండానే తీసుకున్న 18,000 అప్పుకి వడ్డీ, కిందకి పడిపోతే కాపాడే బీమా ఖర్చు కాస్త. ఏడాదికి ఐదున్నర శాతం చిల్లర. లాట్‌కి 50 వేలు, అంటే మార్కెట్ కదలకుండా కూర్చుంటే వారానికి సుమారు వెయ్యి రూపాయలు కరిగిపోతుంది. డివిడెండ్లూ రావు.

డిసెంబర్ 26న నిఫ్టీ 23,750 దగ్గర ముగిసింది. కాల్ మీద 52,500, ఎఫ్‌డీ మీద దాదాపు 58 వేలు, మొత్తం లక్షా పదివేలు. ఫండే కొనుంటే డివిడెండ్లతో కలిపి లక్షా పదిహేను వేలు వచ్చేది. పైగా ఫండ్ అమ్మేదాకా పన్ను లేదు. కాల్ లాభం వ్యాపార ఆదాయం కింద, ఎఫ్‌డీ వడ్డీ మామూలు ఆదాయం కింద, రెండూ ఆ ఏడాదే స్లాబు ప్రకారం కట్టాలి. పన్నయ్యాక కాలే వెనకబడింది.

అమ్మకం, కొనుగోలు ఇంకో తలనొప్పి. ఇంత లోతు స్ట్రైకుల్లో కొనేవాడి ధరకీ అమ్మేవాడి ధరకీ మధ్య వందల పాయింట్ల ఖాళీ ఉంటుంది. ఎన్నికల ఫలితాల రోజు, 2024 జూన్ 4న, నా స్క్రీన్ మీద కొనేవాళ్లు 4,400, అమ్మేవాళ్లు 4,950. పైన చెప్పిన లెక్కతో సరైన ధర వేసుకుని, మధ్యలో లిమిట్ ఆర్డర్ పెట్టి ఓపిగ్గా కూర్చోవాలి. మార్కెట్ ఆర్డర్ కొట్టారో, ఏడాది వడ్డీలో పెద్ద ముక్క ఆ ఒక్క నిమిషంలోనే పోతుంది.

అసలు దెబ్బ రెండో విడతలో తగిలింది. అప్పటికి లాట్ 75 అయింది. 20000 CE 4,850కి కొన్నాను. 3.64 లక్షలు పెట్టి, నాకు తెలియకుండానే 17.8 లక్షల నిఫ్టీ మోస్తున్నాను. నా డబ్బు మొత్తం పన్నెండు లక్షలే. ఆ మిగిలిందీ ఎఫ్‌డీలో ఉంచలేదు. "ఏంటి బావా, అంత డబ్బు బ్యాంకులో నిద్రపుచ్చుతావా?" అన్నాడు మా మేనబావ. ఇద్దరం కలిసి వనామీ రొయ్యల చెరువు లీజుకి తీసుకున్నాం. పిల్ల, మేత, ఏరియేటర్ల కరెంటు బిల్లు, అంతా అందులోకే పోయింది.

ఏప్రిల్ మొదటి వారంలో అమెరికా సుంకాలు ప్రకటించింది. ఏప్రిల్ 7న నిఫ్టీ 22,161కి పడింది. అదే వారం మా రొయ్యల ధరా పడింది, ఎందుకంటే మా సరుకు వెళ్లేది ఎక్కువగా అమెరికాకే. రెండు వేర్వేరు చోట్ల పెట్టాననుకున్న డబ్బు ఒకే దెబ్బకి తగ్గింది. మేత కొట్టు బాకీ తీర్చాలి. ఫండ్ అయితే లక్ష వరకే అమ్ముకునేవాణ్ణి. లాట్‌ని ముక్కలు చేయలేం కదా, ఆ మధ్యాహ్నం 3,080కి మొత్తం వదిలేశాను. నష్టం 1.33 లక్షలు. అదే ఏడాది నవంబర్‌లో నిఫ్టీ 26,000 దాటింది.

ఇప్పుడు మళ్లీ ఫండే. మళ్లీ ఎప్పుడైనా కాల్ కొంటే, స్ట్రైక్‌ని లాట్‌తో గుణించినంత డబ్బు ఎఫ్‌డీలో ఉంటేనే కొంటాను. లాట్ 75 ఉన్నప్పటి లెక్కన 20000 CE కి అది 15 లక్షలు. అంత డబ్బు ఉన్నప్పుడు కాల్ ఎందుకంది మా ఆవిడ. దానికి జవాబు నా దగ్గర లేదు.