స్మార్ట్ స్కేల్, టేపు, ఒక షీటు: ఏడాది పైగా వాడాక ఏ అంకెను నమ్ముతున్నానంటే

ఏడాదికి పైగా రోజూ పొద్దున్నే ఒకే స్మార్ట్ స్కేల్ మీద బరువు చూసుకుంటున్నాను. మెటల్ ప్లేట్ల మీద పాదాలు పెట్టి నిలబడితే బరువుతో పాటు కొవ్వు శాతం, కండ, నీరు, ఎముక అంటూ వరసగా అంకెలన్నీ ఫోన్‌కి పంపే రకం. వారానికోసారి టేపుతో నడుము కొలత, అన్నీ రాసుకోవడానికి ఒక షీటు. ఇంతే నా సరంజామా.

అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ మెషీన్లో బరువు కొలిచే భాగం చాలా బాగా పనిచేస్తుంది. కొవ్వు శాతం చూపించే భాగాన్ని రోజూ చూడాల్సిన పనే లేదు. ఇక కొవ్వు నిజంగా తగ్గుతోందా లేదా అన్నది నాకు తేల్చి చెప్పింది యాప్ కాదు. ఈ నెలసరిలో ఒక వారం సగటు బరువును, పోయిన నెలసరిలో అదే వారం సగటుతో పోల్చి చూడటం. బరువు తగ్గే ఆడవాళ్లకు ఇది మొదటి రోజే చెప్పాల్సిన విషయం. కానీ యాప్‌లు చెప్పవు, జిమ్‌లో కూడా చాలామంది చెప్పరు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు మెషీన్ సంగతి. గట్టి నేల మీద, రోజూ ఒకే చోట పెట్టాలి. తివాచీ మీద పెడితే అంకె మారిపోతుంది. కొన్న కొత్తలో వెంటవెంటనే రెండుసార్లు ఎక్కితే గ్రాము తేడా లేకుండా ఒకే అంకె వచ్చేది. ఎంత కచ్చితమో అనిపిస్తుంది గానీ, చాలా డిజిటల్ స్కేళ్లు కిందటిసారి బరువును గుర్తుపెట్టుకుని, కొత్త బరువు దానికి దగ్గరగా ఉంటే పాత అంకెనే చూపిస్తాయి. దీన్ని పట్టుకోవడం తేలిక. ఒకసారి ఎక్కి దిగండి. తర్వాత లీటరు నీళ్ల సీసా చేత్తో పట్టుకుని ఎక్కండి. లీటరు నీళ్లు కిలో కాబట్టి, సీసా బరువు కూడా కలుపుకుని కిలో పైచిలుకు పెరగాలి. సీసా పక్కన పెట్టి మళ్లీ ఎక్కితే మొదటి అంకెకు 100 గ్రాముల అటూ ఇటూ రావాలి. నాది ఈ పరీక్షలో ప్రతిసారీ నెగ్గింది. అంటే రోజుకో రకంగా కనిపించే బరువుకు కారణం మెషీన్ కాదు, ఒళ్లే.

ఒంట్లో ఏం జరుగుతోందో తెలియాలంటే చిన్న లెక్క ఒకటి వేసుకోవాలి. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి. రోజుకు 300 కేలరీలు తక్కువ తింటే తగ్గే కొవ్వు దాదాపు 40 గ్రాములు, వారానికి 270 గ్రాములు. అదే సమయంలో ఉప్పు ఎక్కువైన మర్నాడు, నిద్ర సరిగ్గా లేని రోజు, కడుపు ఖాళీ కాని రోజు బరువు కిలో దాకా ఊగుతుంది. 40 గ్రాముల మార్పును కిలో ఊగిసలాటలో వెతకాలి. నిన్నటి అంకెకూ ఇవాళ్టి అంకెకూ మధ్య కొవ్వు సంగతి కనిపించే అవకాశమే లేదు. పొద్దున్నే లేచి, బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, ఏమీ తాగకముందు చూసుకుంటే ఊగిసలాట కొంత తగ్గుతుంది. వారం సగటు తీస్తే ఇంకా తగ్గుతుంది.

డైటింగ్ మొదలుపెట్టిన తొలి రెండు వారాలను నేను లెక్కలోకే తీసుకోను. కండల్లో, కాలేయంలో కలిపి 400 నుంచి 500 గ్రాముల దాకా గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము తనతో పాటు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థాలు తగ్గించగానే ఆ నిల్వ కొంత ఖర్చవుతుంది, దాని నీరూ పోతుంది. నాకు తొలి వారంలో దాదాపు రెండు కిలోలు తగ్గింది. అందులో కొవ్వు మహా అయితే 300 గ్రాములు. మామూలుగా తినడం మొదలెట్టగానే మిగతాది వెనక్కి వస్తుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. అందుకే నా లెక్క మూడో వారం నుంచి మొదలవుతుంది.

ఇక అసలు విషయం, నెలసరి. నా షీటులోంచి వరసగా రెండు నెలల అంకెలు ఇస్తున్నాను. పీరియడ్స్ మొదలైన రోజును ఒకటో రోజుగా పెట్టుకుని వారాలు విడదీశాను. మొదటి నెల వారం సగటులు: 71.6, 70.9, 71.0, 71.8 కిలోలు. రెండో నెలవి: 70.6, 69.7, 70.0, 70.6.

మొదటి నెలను వరసగా చదివితే ఏమనిపిస్తుంది? రెండో వారంలో బాగా తగ్గింది, మూడో వారంలో ఆగిపోయింది, నాలుగో వారంలో 800 గ్రాములు పెరిగింది. రెండో వారం నుంచి నాలుగో వారానికి కిలోకి దగ్గరగా పెరిగినట్టు. సరిగ్గా ఇక్కడే చాలామంది తిండి ఇంకా కోసేస్తారు, లేకపోతే విసుగొచ్చి మానేస్తారు. ఇప్పుడు అవే అంకెలను నిలువుగా చదవండి. ఒకటో వారానికి ఒకటో వారం: 1.0 కిలో తక్కువ. రెండుకి రెండు: 1.2. మూడుకి మూడు: 1.0. నాలుగుకి నాలుగు: 1.2. నాలుగు పోలికలూ ఒకే మాట చెబుతున్నాయి, నెలకు దాదాపు 1.1 కిలోలు. దాన్ని 7,700తో గుణించి 28 రోజులకు పంచితే రోజుకు 300 కేలరీలు వస్తుంది. నేను తక్కువ తింటున్నానని లెక్కవేసుకున్నదీ దాదాపు అంతే. బరువు పెరిగినట్టు కనిపించిన ఆ రెండు వారాల్లోనూ కొవ్వు మామూలుగా కరుగుతూనే ఉందన్నమాట.

నాలుగో వారంలో పెరిగింది నీరు. పీరియడ్స్‌కి ముందు రోజుల్లో చాలామందికి ఒంట్లో నీరు నిలుస్తుంది, పీరియడ్స్ మొదలయ్యే రోజు చుట్టుపక్కల అది ఎక్కువగా ఉంటుంది, ఆ తర్వాత కొద్ది రోజుల్లో దిగిపోతుంది. ఎంత నిలుస్తుందన్నది మనిషిని బట్టి ఉంటుంది. కొందరికి అసలు తేడానే ఉండదు. అందుకే నా 800 గ్రాములు మీకు వర్తించవు. మీ అంకె మీ షీటులోంచే రావాలి. కనీసం రెండు నెలలు రాస్తేగానీ అది తెలియదు.

చాలా యాప్‌లు ట్రెండ్ అని ఒక నున్నటి గీత గీస్తాయి. అది వారం, పది రోజుల ఊగిసలాటను చదును చేస్తుంది. నాలుగు వారాల అలను చదును చేయలేదు, అందుకే ఆ గీత కూడా నెలకోసారి పైకి లేస్తుంది. షీటులో బరువులు B నిలువు వరసలో, రెండో గడి నుంచి ఉంటే, 29వ అడ్డు వరసలో పెట్టి రోజూ కిందికి లాగుతూ పోయే సూత్రం ఇది:

```
=AVERAGE(B2:B29)
```

28 రోజుల సగటు కాబట్టి ఎప్పుడు చూసినా అందులో ఒక నెలసరి మొత్తం ఉంటుంది, అల చాలావరకు కొట్టుకుపోతుంది. దీని లోపం ఒకటే, ఇది రెండు వారాలు వెనకబడి ఉంటుంది. తిండిలో ఏదైనా మారిస్తే ఫలితం ఈ అంకెలో పూర్తిగా కనిపించడానికి నెల పడుతుంది. నెలసరి 28 రోజులకు రాకపోతే మీ సగటు రోజుల సంఖ్య పెట్టుకోండి. క్రమం తప్పి వచ్చేవాళ్లకు వారాల పోలిక సరిగ్గా కుదరదు, వాళ్లకు రెండు, మూడు నెలల గీతే దారి.

కొవ్వు శాతం అంకెను ఎందుకు పక్కన పెట్టానో చెప్పాలి. స్కేల్ ఒక పాదం నుంచి చిన్న కరెంటు పంపి రెండో పాదం దగ్గర అందుకుంటుంది. నీరూ లవణాలూ ఉన్న కండలో కరెంటు సులువుగా వెళుతుంది, కొవ్వులో కష్టంగా వెళుతుంది. మెషీన్ నిజంగా కొలిచేది ఆ అడ్డంకిని మాత్రమే. దానికి మన ఎత్తు, వయసు, బరువు కలిపి ఒంట్లో నీరెంతో అంచనా వేస్తుంది. కొవ్వు కాని భాగంలో దాదాపు 73 శాతం నీరే ఉంటుందన్న లెక్కతో ఆ భాగం ఎంతో తేలుస్తుంది. మిగిలినదాన్ని కొవ్వు అంటుంది. అంటే నీరు మారితే కొవ్వు అంకె మారి తీరాలి.

ఒక ఉదయం 70.2 కిలోలు, 34.1 శాతం చూపించింది. అరలీటరు నీళ్లు తాగి కొద్ది నిమిషాల తర్వాత ఎక్కాను. 70.7 కిలోలు, 34.4 శాతం. లెక్కేస్తే కొవ్వు 23.9 కిలోల నుంచి 24.3కి పెరిగినట్టు. పొట్టలో ఉన్న నీళ్లు కాళ్ల మధ్య వెళ్లే కరెంటుకు తగలవు, బరువు మాత్రం పెరుగుతుంది. ఆ పెరిగినదాంట్లో ఎక్కువ భాగాన్ని మెషీన్ కొవ్వు ఖాతాలో వేసేసింది. అదే రోజు సాయంత్రం, చాలాసేపు నిలబడి పనిచేశాక, 71.1 కిలోలు, 32.8 శాతం. ఇప్పుడు కొవ్వు 23.3 కిలోలే. నిలబడితే నీరు కాళ్లలోకి దిగుతుంది, కరెంటుకు అడ్డు తగ్గుతుంది, మెషీన్ దాన్ని కండగా చదువుతుంది. ఒకే రోజులో కిలో కొవ్వు వచ్చి పోయింది, అదీ నాకు నెలంతా పట్టేంత కొవ్వు.

మొత్తంగా పనికిరాదని మాత్రం అనను. పొద్దున్నే తీసిన అంకెల 28 రోజుల సగటు మూడు, నాలుగు నెలల దూరంలో ఎటు వెళుతోందో చూస్తే దిశ సరిగ్గానే ఉంది. శాతం అసలు విలువ నిజంగా 34 అవునా, 31 అవునా అన్నది ఈ మెషీన్ చెప్పలేదు, దాన్ని పట్టించుకోకండి.

నడుము కొలత దీనికంటే నమ్మకమైనది, చేయి కుదిరితే. చివరి పక్కటెముక కింది అంచుకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో టేపు పెట్టాలి. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి, పొట్ట లోపలికి లాగకూడదు. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. వెనకవైపు జారిందేమో అద్దంలో చూసుకోండి, ఎక్కువ తప్పులు అక్కడే వస్తాయి. మూడుసార్లు కొలిచి మధ్య అంకె రాస్తాను. అయినా నా మూడు కొలతల మధ్య అర సెంటీమీటరు తేడా మామూలే. పైన చెప్పిన నెలలో నడుము 1.2 సెంటీమీటర్లు తగ్గింది. ఒక్క నెల చూస్తే అది కొలతలో పొరపాటుకు దగ్గరి అంకె, పెద్దగా నమ్మలేం. మూడు నెలలకు మూడున్నర సెంటీమీటర్లు తగ్గినప్పుడు ఇక అనుమానం లేదు. పీరియడ్స్ ముందు పొట్ట ఉబ్బుతుంది కాబట్టి నడుమును కూడా అదే వారంతో పోల్చాలి.

టేపు నాకు నిజంగా అక్కరకొచ్చింది బరువులెత్తడం మొదలెట్టినప్పుడు. కొత్తగా శ్రమపడిన కండలు నీరు పట్టుకుంటాయి, గ్లైకోజెన్ కూడా ఎక్కువ నిల్వ చేస్తాయి. 28 రోజుల సగటు కూడా దాదాపు కదలకుండా ఉండిపోయింది. నడుము మాత్రం ముందు నెలల్లో తగ్గినంతే తగ్గింది. దాన్ని చూసి తిండి తగ్గించకుండా ఉన్నాను, తర్వాతి నెలకు బరువు మళ్లీ దిగడం మొదలైంది. బరువూ నడుమూ రెండూ రెండు నెలలు కదలకపోతే మాత్రం నీటి మీద నెపం వేయడం కుదరదు, తినేది లెక్కకన్నా ఎక్కువే ఉంటుంది.

స్కేల్ మార్చాల్సి వస్తే పాతదాన్ని వెంటనే పారేయకండి. రెండు వారాలు రెండింటి మీదా ఒకేసారి చూసుకుని, సగటు తేడాను పాత అంకెలన్నింటికీ కలపండి. బరువుకు ఇది చక్కగా పనిచేస్తుంది. కొవ్వు శాతానికి పనిచేయదు, ఒక్కో కంపెనీ లెక్క ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆ వరసను కొత్త మెషీన్‌తో మళ్లీ మొదటి నుంచి రాసుకోవాల్సిందే.