మాస్టారి ఉత్తరం: రెండు క్లెయిములకు వాడాక

మా బీమా ఏజెంట్ రిటైర్డ్ టీచర్. ఉద్దానంలో మా చుట్టుపక్కల నాలుగూళ్లకీ ఆయన మాస్టారే. 2023 జూన్‌లో అన్నయ్య పోయిన ఐదో రోజున వచ్చి, వదిన చేతిలో, అన్నయ్య పాలసీల డబ్బుకి క్లెయిము ఎలా వేయాలో రాసిన రెండు పేజీల ఉత్తరం పెట్టారు. "అమ్మా, ఇప్పుడు చదవక్కర్లేదు. పెద్దకర్మ అయ్యాక మరిదిని పక్కన కూర్చోబెట్టుకుని చదువు" అని చెప్పి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది. అన్నయ్య క్లెయిముకి వాడాను, నిరుడు మా మేనమామ క్లెయిముకీ వాడాను. రెండుసార్లు వాడాక రాస్తున్న మాటలివి.

బాండు, ఆధార్, క్యాన్సిల్ చేసిన చెక్కు లాంటివి ఏ ఏజెంట్ అయినా చెబుతారు. మాస్టారి ఉత్తరం విలువంతా రెండో పేజీలో అడుగున, ఎర్ర పెన్నుతో గీత గీసిన ఒక్క వాక్యంలో ఉంది: "ఆసుపత్రి కాగితాల్లో 'హిస్టరీ' అన్న చోట ఎన్నాళ్ల జబ్బు అని రాశారో చూడకుండా ఏ ఫారమూ ఇవ్వొద్దు."

అది ఎందుకు రాశారో మొదట నాకు అర్థం కాలేదు. అన్నయ్యకి రెండు పాలసీలు. ఒకటి 2009లో లక్షకి కట్టింది, ఒక్క వాయిదా తప్పలేదు. దానికి చిన్న ఫారం, డెత్ సర్టిఫికెట్, బాండు ఇస్తే మూడు వారాల్లో డబ్బు పడింది. రెండోది 2015 ఆగస్టులో 3 లక్షలకి, ఇరవై ఏళ్లకి తీసుకున్నది. నాలుగు వార్షిక ప్రీమియాలు కట్టాక 2019లో జీడిపిక్కల ధర పడిపోయి ఆపేశాడు. 2021 ఫిబ్రవరిలో బకాయిలు కట్టి, ఆరోగ్యం బాగుందని డిక్లరేషన్ ఇచ్చి, మళ్లీ బతికించుకున్నాడు. ఉత్తరంలో ఒక్కో పాలసీ నంబరు పక్కన మాస్టారు తేదీలు వేశారు. రెండోదానికి మాత్రం 2015ని కొట్టేసి, "లెక్క 2021 నుంచి" అని రాశారు.

విషయమంతా అక్కడే ఉంది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటిన పాలసీని కంపెనీ ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి లేదు. కానీ ఆగిపోయిన పాలసీని పునరుద్ధరిస్తే ఆ మూడేళ్లు కొత్తగా మొదలవుతాయి. అన్నయ్య పోయింది పునరుద్ధరించిన రెండేళ్ల నాలుగు నెలలకి. కాబట్టి ఎనిమిదేళ్ల కిందటి పాలసీ అయినా అది 'ఎర్లీ క్లెయిమ్' కిందికే వస్తుంది. చివరగా చూసిన డాక్టరు సంతకంతో బి ఫారం, ఆసుపత్రి నుంచి బి1, దహనానికి వచ్చిన బంధువు కాని మనిషితో సి ఫారం కావాలి. ఆపైన విచారణ కూడా.

విచారణలో చూసేది ఒకటే: 2021 ఫిబ్రవరిలో సంతకం పెట్టేనాటికి తనకి జబ్బుందని అన్నయ్యకి తెలుసా? మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఇంటింటి మాట, ఆ ప్రశ్న వాళ్లకి రాకుండా ఉండదు. తెలిసి దాచాడని తేలితే పునరుద్ధరణ చెల్లదంటారు. అప్పుడు పాలసీ 2019లో ఆగిన దగ్గరికి వెళ్లిపోతుంది. ఇరవైలో నాలుగు కట్టాడు గనక 3 లక్షల్లో అయిదో వంతు, అంటే 60 వేలు, అప్పటిదాకా జమైన బోనస్ ఏమన్నా ఉంటే అదీ వస్తాయి.

నాకు భయం లేదు. ఎందుకంటే అన్నయ్యకి కాళ్లు వాచి, క్రియాటినిన్ పరీక్ష చేయించింది 2021 అక్టోబరులో. సంతకం పెట్టిన ఎనిమిది నెలలకి. అయినా మాస్టారు రాశారు కదా అని విశాఖ ఆసుపత్రి ఇచ్చిన డెత్ సమ్మరీ తీశాను. మొదటి పేజీలో, చేర్చుకున్న రోజు డ్యూటీ డాక్టరు రాసినది: కిడ్నీ వ్యాధి, మూడేళ్లుగా. 2023 మే నుంచి మూడేళ్లు వెనక్కి వెళ్తే 2020 మే. సంతకానికి తొమ్మిది నెలల ముందు!

ఎవరు చెప్పారా అని ఇంట్లో అడిగితే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎన్నాళ్ల నుంచమ్మా అని ఆ బాబు అడిగినాడు. మూడేళ్లై మనిషి తిన్నగా లేడు బాబూ అన్నాను. నేనేటి తప్పు సెప్పినాను?" అమ్మ చెప్పింది పంట పోవడం, అప్పులు, తిండి తగ్గిపోవడం. ఆయన రాసుకున్నది కిడ్నీ.

దీనికీ ఉత్తరంలో దారి ఉంది. "తప్పుంటే దిద్దించొద్దు, వైట్‌నర్ పూయించొద్దు. మొట్టమొదటి రిపోర్టు వెతకండి." అన్నయ్య కాగితాలన్నీ ఎరువుల షాపు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకునేవాడు. అందులో 2021 అక్టోబరు ల్యాబ్ రిపోర్టు, ఆ వారంలోనే పలాస డాక్టరు రాసిన ఓపీ చీటీ దొరికాయి. చీటీ మీద 'నెల రోజులుగా కాళ్ల వాపు' అని ఉంది. ఆ డాక్టరు దగ్గరికే వెళ్లి, మొదటిసారి చూసిన తేదీ, అప్పటికి ఎన్నాళ్ల లక్షణాలు అన్నది లెటర్ రాయించుకున్నాం. ఆసుపత్రి సమ్మరీని దాచకుండా, దానిమీద ఈ మూడు కాగితాలు కుట్టి, ఆ 'మూడేళ్లు' ఎవరి నోట, ఎలా వచ్చిందో వదిన పేరుతో ఒక పేజీ వివరణ జతచేశాం. విచారణకొచ్చిన ఆయన సరిగ్గా ఆ లైను మీదే వేలు పెట్టి అడిగారు. అడగ్గానే కాగితం చూపించాం. డిసెంబరులో 3 లక్షలూ బోనస్‌తో సహా వదిన ఖాతాలో పడ్డాయి.

అప్పట్లో ఈ ఉత్తరాన్ని ఊరంతా చూపించి పొగిడాను. ఇప్పుడు కొంచెం తగ్గించుకోవాలి. డెత్ సర్టిఫికెట్‌కి 'పంచాయతీ సెక్రటరీ దగ్గరికి వెళ్లండి' అని అందులో ఉంది. మూడుసార్లు తిరిగాక ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది: "అన్నయ్యా, మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. మీది విశాఖ నుంచి రావాలి." ఆసుపత్రి వాళ్లు అప్పటికే అక్కడ నమోదు చేయించేశారు. మాకు ఒక నెల పోయింది. మా దగ్గర ప్రాణం మీదికొచ్చిన వాళ్లంతా విశాఖకే పరిగెడతారు కదా, ఆ మాట ఉత్తరంలో ముందే ఉండాల్సింది.

రోజుల లెక్క కూడా పాతబడింది. కాగితాలన్నీ అందాక 30 రోజులు అని ఉంది. 2024లో వచ్చిన నియమాల ప్రకారం విచారణ అక్కర్లేనివి 15 రోజుల్లో, విచారణ ఉంటే 45 రోజుల్లో తేల్చాలి. మామయ్య క్లెయిమప్పుడు ఇది తెలిశాకే ఆఫీసులో గట్టిగా అడగగలిగాను. ఆయనది ఎప్పుడూ ఆగని పద్దెనిమిదేళ్ల పాలసీ, ఇంట్లోనే పోయారు. నిజానికి అక్కడ ఉత్తరంతో పెద్దగా పనే పడలేదు.

కాబట్టి అందరికీ ఇంతే పనికొస్తుందని చెప్పలేను. అన్నయ్యకి కాగితం పారేసే అలవాటు లేదు, పలాస డాక్టరు మమ్మల్ని గుర్తుపట్టారు, మాస్టారు మాకు రెండు వీధుల అవతల ఉంటారు. ఆ కవరే లేకపోతే ఎర్ర గీత చదివి కూడా ఏం చేసేవాళ్లమో.

నా కాపీలో 'పంచాయతీ' కొట్టేసి 'చనిపోయిన చోట' అని రాసుకున్నాను. మొన్న మాస్టారికి చూపిస్తే కళ్లజోడు పైకెత్తి చదివి, జేబులో పెన్ను తీసి, తన దగ్గరున్న అసలు ప్రతిలోనూ దిద్దుకున్నారు.