వాషింగ్ మెషీన్ ముక్కవాసన వస్తోందని గ్యాస్కెట్ మార్పించుకునే ముందు ఇది చదవండి

ఫ్రంట్ లోడ్ మెషీన్ వాడేవాళ్లకీ, కొనబోయేవాళ్లకీ ఈ పోస్టు. మెషీన్ లోంచి తడి గోనెసంచి లాంటి వాసన వస్తోందంటే సర్వీస్ వాళ్లు వచ్చి తలుపు దగ్గర రబ్బరు రింగు (గ్యాస్కెట్) మార్చాలంటారు. నేను నమ్మి మార్పించాను. 4,150 రూపాయలు వదిలాయి, ఐదు వారాలకి వాసన మళ్లీ వచ్చింది. అసలు దోషం రబ్బరుది కాదని తర్వాత తెలిసింది.

మాది నిజాంపేటలో అపార్ట్‌మెంట్, బోరు నీళ్లు. మెషీన్ కొని ఏడాదిన్నర. మొదట తువ్వాళ్లలో వాసన పట్టింది. ఆరినప్పుడు బాగానే ఉంటాయి, స్నానం చేసి తుడుచుకోగానే గుప్పుమంటాయి. తర్వాత మావారి చొక్కాలు. ఎండలో రెండు రోజులు వేసినా అంతే. చివరికి మెషీన్ తలుపు తీస్తేనే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. కంపెనీ సర్వీస్‌కి ఫోన్ చేస్తే అబ్బాయి వచ్చాడు. రబ్బరు మడత వేలితో లాగి నల్లమచ్చలు చూపించి, "మేడమ్, గ్యాస్కెట్ పాడైంది, మార్చాల్సిందే. రబ్బరుకి వారంటీ రాదు" అన్నాడు. పది నిమిషాల్లో నిర్ణయం అయిపోయింది. నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని, పాత రబ్బరు ఇక్కడే వదిలేయమని అడగడం. మీరూ అడగండి. మార్చిన భాగం చేతిలో ఉంటే రేపు దేని గురించైనా మాట్లాడటానికి ఆధారం ఉంటుంది.

ఆ రాత్రి పాత రబ్బరుని బాత్రూమ్‌లో పెట్టి చూశాను. ఎక్కడా చిరగలేదు, గట్టిపడలేదు. అడుగున, గడియారంలో ఆరు అంకె ఉండే చోట, మడత లోపల మూడు చిన్న రంధ్రాలు ఉన్నాయి. మూడూ మూసుకుపోయి ఉన్నాయి. అగ్గిపుల్లతో పొడిస్తే వెంట్రుకలు, బట్టల పీచు, పౌడరు కలిసి బంకలా అయిన బూడిదరంగు ముద్ద బయటికొచ్చింది. దాని వాసనే మా తువ్వాళ్ల వాసన.

ఆ రంధ్రాల పని ఇది. ఫ్రంట్ లోడ్‌లో తలుపు ముందువైపు ఉంటుంది కాబట్టి నీళ్లు కారకుండా రబ్బరు మడతలు పెట్టి గ్లాసుకి అతుక్కునేలా చేస్తారు. ప్రతి ఉతుకులోనూ ఆ మడతలోకి కాసిని నీళ్లు చేరతాయి. అవి రంధ్రాల గుండా వెనక్కి టబ్‌లోకి జారిపోవాలి. రంధ్రాలు మూసుకుంటే నీళ్లు గిన్నెలో ఉన్నట్టు అక్కడే నిలుస్తాయి. పైగా తలుపు మూసి ఉంటుంది, గాలి లేదు, చీకటి, వెచ్చదనం, తినడానికి సబ్బు మడ్డి, ఒంటి జిడ్డు. సూక్ష్మజీవులు చేరి జిగట పొర కడతాయి. బూజు నల్లమచ్చలు ఆ పొరలో పైకి కనిపించే భాగం మాత్రమే. తువ్వాలు తడిస్తేనే వాసన ఎందుకొస్తుందో కూడా దీంతో తెలుస్తుంది. ఉతికిన బట్టలో మిగిలిపోయే మొరాక్సెల్లా ఒస్లోయెన్సిస్ అనే బాక్టీరియా ఈ వాసనకి ప్రధాన కారణమని 2012లో జపాన్ పరిశోధకులు చూపించారు. అది ఎండకి ఆరిపోయినా చావదు, తడి తగిలితే మళ్లీ మొదలు.

మరి కొత్త రబ్బరు వేశాక వాసన ఎందుకు తిరిగొచ్చింది? పక్క వీధిలో ఒక పాత మెకానిక్ బాబాయ్ ఉన్నారు, పిలిచాను. ఆయన ముందు ఏ స్క్రూ విప్పలేదు. మంచినీళ్ల గ్లాసు అడిగి, రబ్బరు మడతలో అర గ్లాసు పోశారు. నీళ్లు కదల్లేదు. "అమ్మా, వాసన ఇక్కడే ఉంది" అన్నారు. కొత్త రబ్బరు పక్కకి తిరిగి కూర్చుంది. రబ్బరు పైభాగంలో చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది, అది టబ్ అంచు మీదున్న గుర్తుకి సరిగ్గా ఎదురుగా రావాలి, అప్పుడే రంధ్రాలు అట్టడుగున ఉంటాయి. మా ఇంట్లో రంధ్రాలు అడుగుకి పక్కగా, కాస్త ఎత్తున ఉన్నాయి. నీళ్లు వాటి దాకా అందితే కదా పోయేది! సర్వీస్ వాళ్లకి ఫోటో పంపి గట్టిగా మాట్లాడితే వచ్చి సరిచేసి వెళ్లారు, డబ్బు అడగలేదు. అడిగి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామనుకున్నాను.

కాబట్టి మీరు ఎవరినీ పిలవక ముందు చేయాల్సింది ఆ అర గ్లాసు పరీక్ష. మెషీన్ ఖాళీగా, ప్లగ్ తీసి ఉన్నప్పుడు మడతలో నీళ్లు పోసి నిమిషం చూడండి. రెండు చెంచాలంత మిగిలితే మామూలే. గుంటలా నిలిస్తే రంధ్రాలు మూసుకున్నట్టు, లేదా రబ్బరు తిరిగి ఉన్నట్టు.

ఇక శుభ్రం చేయడం. నేను చేసిన తప్పు మొదట బ్లీచ్ పోయడం. జిగట పొర మీద బ్లీచ్ వేస్తే పైపైన తగిలి అక్కడితో ఆగుతుంది, అడుగున పొర అలాగే ఉంటుంది. ముందు రుద్దాలి. రబ్బరు మడతని రెండు చేతులతో వెనక్కి తిప్పి, లోపల నాణేలూ, పిన్నులూ ఉంటే తీసేయండి (మా పాప పెన్సిల్ చెక్కుడు ముక్కలు కూడా దొరికాయి). పాత టూత్‌బ్రష్‌కి గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ పెట్టి మడత చుట్టూ రుద్దండి. గుండ్రంగా మొత్తం తిరగండి, కానీ ఎక్కువ సమయం అడుగు భాగానికే ఇవ్వండి. రంధ్రాల్ని అగ్గిపుల్లతోనో, చెవి పుల్లతోనో లోపలికి తోయకుండా బయటికి లాగినట్టు తీయండి. సూది, స్క్రూడ్రైవర్ వద్దు, రబ్బరు చిరిగితే నిజంగానే మార్చాలి. బట్టతో తుడవండి. బట్ట తెల్లగా వచ్చేదాకా తుడవాలి, మాకు నాలుగు గుడ్డలు పట్టాయి.

ఇప్పుడు బ్లీచ్ వంతు. అర లీటరు నీళ్లలో 50 మి.లీ. బట్టల బ్లీచ్ లిక్విడ్ కలిపి, పాత కాటన్ గుడ్డ పొడవాటి పేలికలుగా చింపి ముంచి, పిండి, మడత అడుగున పరిచి అరగంట ఉంచండి. చేతులకి గ్లోవ్స్, కిటికీ తెరవండి. స్టీలు డ్రమ్ములోకి కారనివ్వకండి, ఎక్కువసేపు ఉంటే స్టీలుకి మచ్చలు పడతాయి. తర్వాత తడిబట్టతో మూడు నాలుగు సార్లు తుడిచి, ఖాళీగా ఒక రిన్స్ నడపండి. మీ మెషీన్ పుస్తకంలో బ్లీచ్ వద్దని రాసి ఉంటే మాత్రం ఈ అడుగు వదిలేయండి, రుద్దుడుతోనే సగానికి పైగా పోతుంది.

ఇది దయచేసి పట్టించుకోండి: బ్లీచ్ ఉన్న చోట వెనిగర్ గానీ, నిమ్మ ఉప్పు గానీ, టాయిలెట్ క్లీనర్ గానీ కలపకండి. ఆ కలయికలో క్లోరిన్ వాయువు పుడుతుంది, చిన్న బాత్రూమ్‌లో తలుపేసుకుని చేస్తే ఊపిరి అందదు. వీడియోల్లో "వెనిగర్, బ్లీచ్ రెండూ వాడండి" అని చూపించేవాళ్లున్నారు. వెనిగర్ కరిగించేది మన గట్టినీళ్ల తెల్ల పొరని, జిగటని కాదు. ఆ పని కోసం వాడదలిస్తే ఇంకో రోజు, బాగా కడిగాక.

రబ్బరు అయ్యాక డ్రమ్ము వెనకాల ఉన్న మురికి మిగులుతుంది, అది మనకి కనబడదు. దాని కోసం ఖాళీ మెషీన్‌లో డ్రమ్ క్లీన్ గానీ, లేకపోతే ఉన్నంతలో పెద్ద వేడి, 60 లేదా 90 డిగ్రీల కాటన్ ప్రోగ్రాం గానీ పెట్టండి. డ్రమ్ములో నేరుగా 100 గ్రాముల సోడియం పర్కార్బొనేట్ వేస్తాను. ఆక్సిజన్ బ్లీచ్ అని అమ్మేది ఇదే, వేడి నీళ్లలో బాగా పనిచేస్తుంది. మొదటిసారి నీళ్లు టీ రంగులో పోయాయి, గోధుమ రంగు పొలుసులు కూడా వచ్చాయి. అలా వస్తే రెండో సారీ నడపండి. కింద మూలలో ఉండే ఫిల్టర్ మూత కూడా విప్పి కడగాలి, అందులో నిలిచిన నీళ్లూ వాసనే. పళ్లెం పెట్టుకుని విప్పండి, వేడి ప్రోగ్రాం అయిన వెంటనే మాత్రం వద్దు.

ఇంత చేసినా అలవాట్లు మారకపోతే రెండు నెలల్లో మళ్లీ అదే కథ. మా ఇంట్లో మూడు తప్పులు దొరికాయి. ఒకటి, అత్తయ్య బల్లి దూరుతుందని ఉతుకు కాగానే తలుపు మూసేసేవారు. ఇప్పుడు ఒక బెత్తెడు తెరిచి, మెషీన్ ఉన్న బాల్కనీ తలుపు వేస్తున్నాం. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ బయటి తలుపు తప్పనిసరి, డ్రమ్ములోకి దూరే ప్రమాదం ఉంది. రెండు, అంతా పావుగంట క్విక్ వాష్, చన్నీళ్లు. జిడ్డు కరగదు, సూక్ష్మజీవులు చావవు. ఇప్పుడు వారానికోసారి తువ్వాళ్లు, దుప్పట్లు 60 డిగ్రీల్లో వేస్తున్నాను. మూడు, టాప్ లోడ్ పౌడర్, అదీ చేతికొచ్చినంత. ఫ్రంట్ లోడ్‌కి తక్కువ నురగ పౌడర్ కావాలి. నురగ ఎక్కువైతే బట్టలు దొర్లడం తగ్గి, కడగని సబ్బు మడ్డి టబ్‌కి అతుక్కుంటుంది. ఉతుకు మధ్యలో గ్లాసు లోంచి చూడండి, గ్లాసంతా నురగతో నిండి కనిపిస్తే తర్వాతిసారి పౌడర్ మూడో వంతు తగ్గించండి. గట్టినీళ్లయితే నురగ తక్కువగా కనిపిస్తుంది, అది చూసి ఇంకా వేసేయకండి.

గ్యాస్కెట్ మార్చాల్సిన సందర్భాలు లేవని కాదు. చిరిగి కింద నీళ్లు కారుతుంటే, గట్టిపడి గ్లాసుకి అతుక్కోకుంటే మార్చాలి. వాసన, నల్లమచ్చలు ఆ జాబితాలో లేవు. రబ్బరులోకి ఇంకిన మచ్చలు కొన్ని శుభ్రం చేసినా పోవు, వాసన పోతే చాలు. మరో సంగతి, వాసన మురుగులా ఉంటే, మెషీన్ నడవని రోజు కూడా గుప్పుమంటే, దాని పైపు నేల జాలీలో లోతుగా దూర్చి ఉందేమో చూడండి. అది మురుగు గొట్టం గాలి, దానికి గ్యాస్కెట్‌తో పనే లేదు.

మా పాత రబ్బరు ఇంకా పారేయలేదు. కడిగి ఆరేసి అటక మీద పెట్టాను. మచ్చలున్నా మంచి స్థితిలోనే ఉంది. కొత్తది ఎప్పుడైనా చిరిగితే అదే మళ్లీ బిగిస్తానని మెకానిక్ బాబాయ్ అన్నారు.