మనీ ఫ్లో ఇండెక్స్: 60 పైసల తేడాకు 83 నుంచి 26కి పడే సూచిక

ఎమ్‌ఎఫ్‌ఐ అనే మనీ ఫ్లో ఇండెక్స్ గురించి ఎవరిని అడిగినా ఒకటే మాట చెబుతారు: "ఆర్‌ఎస్‌ఐకి వాల్యూమ్ కలిపితే అదే." ఆర్‌ఎస్‌ఐ అంటే రిలేటివ్ స్ట్రెంత్ ఇండెక్స్, ధర కదలికల జోరును 0 నుంచి 100 వరకు కొలిచే సూచిక. ఏళ్లుగా ఈ రెండింటినీ ఒకే చార్టు కింద పెట్టుకుని ఎన్‌ఎస్‌ఈ షేర్లు చూస్తున్నాను. ఆ మాట సగమే నిజం. ఇవి అన్నదమ్ముల పిల్లలు, ఇంటిపేరు ఒకటే కానీ స్వభావాలు వేరు. ఆ తేడా ఎక్కడుందో తెలియాలంటే లెక్క ఒక్కసారైనా చేత్తో వేసి చూడాలి.

ఆర్‌ఎస్‌ఐ 1978లో వెల్స్ వైల్డర్ ఇచ్చింది. ఎమ్‌ఎఫ్‌ఐని జీన్ క్వాంగ్, అవ్‌రమ్ సౌడాక్ అనే ఇద్దరు 1989లో ఒక ట్రేడింగ్ పత్రికలో పరిచయం చేశారు. వాళ్లు కూడా దాన్ని వాల్యూమ్ బరువు వేసిన ఆర్‌ఎస్‌ఐ అనే పిలిచారు. అందుకే ఆ మాట అలా నిలిచిపోయింది.

లెక్క ఇలా సాగుతుంది. ముందు ఆ రోజు హై, లో, క్లోజ్ మూడూ కూడి మూడుతో భాగించాలి. వచ్చినదాన్ని టిపికల్ ప్రైస్ అంటారు. దాన్ని ఆ రోజు వాల్యూమ్‌తో గుణిస్తే ఆ రోజు మనీ ఫ్లో వస్తుంది, అంటే దాదాపుగా ఆ రోజు టర్నోవర్. ఇప్పుడు నిన్నటి టిపికల్ ప్రైస్‌తో పోల్చాలి. ఇవాళ్టిది ఎక్కువైతే ఆ మొత్తమంతా పాజిటివ్ ఖాతాలో పడుతుంది, తక్కువైతే నెగెటివ్ ఖాతాలో పడుతుంది. సమానమైతే ఆ రోజును లెక్కలోంచి వదిలేయాలి. ఇలా 14 రోజుల పాజిటివ్ మొత్తాన్ని, నెగెటివ్ మొత్తాన్ని విడివిడిగా కూడాలి. పుస్తకాల్లో ఆ రెండింటి నిష్పత్తికి 1 కలిపి, దానితో 100ను భాగించి, వచ్చినదాన్ని 100లోంచి తీసివేసే సూత్రం ఇస్తారు. దాన్నే సులువుగా చెబితే, మొత్తం టర్నోవర్‌లో పాజిటివ్ వాటా ఎంత శాతమో అదే ఎమ్‌ఎఫ్‌ఐ.

ఎక్సెల్‌లో B, C, D, E గడుల్లో హై, లో, క్లోజ్, వాల్యూమ్ రెండో వరుస నుంచి మొదలుపెడితే ఇంతే:

```
F2:  =(B2+C2+D2)/3
G3:  =IF(F3>F2,F3*E3,0)
H3:  =IF(F3<F2,F3*E3,0)
I16: =100*SUM(G3:G16)/(SUM(G3:G16)+SUM(H3:H16))
```

F, G, H సూత్రాలను కిందికి లాగాలి. 15 రోజుల డేటా ఉంటే మొదటి అంకె వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. చేత్తో వేయడానికి వీలుగా 14కి బదులు 4 రోజులే తీసుకుందాం. షేరు ఊహించుకున్నదే, అంకెలూ నేను వేసుకున్నవే. ముందురోజు టిపికల్ ప్రైస్ 201, క్లోజ్ కూడా 201.

మొదటి రోజు హై 207, లో 201, క్లోజ్ 204. టిపికల్ ప్రైస్ 204. వాల్యూమ్ 10 లక్షల షేర్లు. 20.4 కోట్లు పాజిటివ్.

రెండో రోజు హై 209, లో 203, క్లోజ్ 203. టిపికల్ ప్రైస్ 205. వాల్యూమ్ 8 లక్షలు. 16.4 కోట్లు, ఇదీ పాజిటివే. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. క్లోజ్ నిన్నటికంటే రూపాయి తగ్గింది, కాబట్టి ఆర్‌ఎస్‌ఐకి ఇది పడిన రోజు. ఎమ్‌ఎఫ్‌ఐకి మాత్రం పెరిగిన రోజు, ఎందుకంటే హై, లో రెండూ పైకి జరిగాయి. ఒకే క్యాండిల్‌కు రెండు సూచికలు రెండు తీర్పులిచ్చాయి.

మూడో రోజు హై 206, లో 198, క్లోజ్ 199. టిపికల్ ప్రైస్ 201. వాల్యూమ్ 12 లక్షలు. 24.12 కోట్లు నెగెటివ్.

నాలుగో రోజు బల్క్ డీల్ పడింది, అంటే ఎవరో పెద్ద మొత్తంలో షేర్లు చేతులు మార్చారు అనుకుందాం. వాల్యూమ్ ఒక్కసారిగా 40 లక్షలు. హై 204, లో 199. క్లోజ్ 200.30 అయితే టిపికల్ ప్రైస్ 201.10 అవుతుంది, నిన్నటికంటే పది పైసలు ఎక్కువ. కాబట్టి 80.44 కోట్లు మొత్తంగా పాజిటివ్‌లోకి వెళ్లాయి. పాజిటివ్ 117.24 కోట్లు, నెగెటివ్ 24.12 కోట్లు. ఎమ్‌ఎఫ్‌ఐ 83. పుస్తకం ప్రకారం 80 దాటింది కనుక ఓవర్‌బాట్, అంటే అతిగా కొనేశారని.

అదే రోజు క్లోజ్ 200.30కి బదులు 199.70 దగ్గర అయిందనుకోండి. టిపికల్ ప్రైస్ 200.90, నిన్నటికంటే పది పైసలు తక్కువ. ఇప్పుడు 80.36 కోట్లు అటు కాకుండా ఇటు పడతాయి. పాజిటివ్ 36.8, నెగెటివ్ 104.48. ఎమ్‌ఎఫ్‌ఐ 26! క్లోజ్ సరిగ్గా 200 దగ్గర ఆగితే టిపికల్ ప్రైస్ 201కి సమానం, ఆ రోజే లెక్కలో లేదు, ఎమ్‌ఎఫ్‌ఐ 60.

ఇవే నాలుగు క్లోజ్‌లతో మామూలు సగటు ఆర్‌ఎస్‌ఐ వేస్తే 200.30కి 46 వస్తుంది, 199.70కి 42.5 వస్తుంది. 60 పైసల తేడాకు ఆర్‌ఎస్‌ఐ మూడున్నర పాయింట్లు కదిలితే ఎమ్‌ఎఫ్‌ఐ 57 పాయింట్లు కదిలింది. నాలుగు రోజుల లెక్క కాబట్టి ఊపు ఎక్కువగా కనిపిస్తోంది. 14 రోజులకు కొంత తగ్గుతుంది. కానీ ఒక్కరోజు వాల్యూమ్ మామూలుకు పది రెట్లయితే 14 రోజుల లెక్కలోనూ ఇదే జరుగుతుంది.

కారణం లెక్కలోనే ఉంది. ఆర్‌ఎస్‌ఐ ధర ఎంత కదిలిందో కొలుస్తుంది. పైసా పెరిగితే పైసా విలువే ఇస్తుంది. ఎమ్‌ఎఫ్‌ఐ కదలిక దిశను మాత్రమే చూస్తుంది, పరిమాణాన్ని వదిలేసి ఆ స్థానంలో రోజు టర్నోవర్ మొత్తం పెడుతుంది. అంటే ఆర్‌ఎస్‌ఐకి వాల్యూమ్ "కలపడం" కాదు, ధర మార్పును తీసేసి టర్నోవర్‌ను దాని కుర్చీలో కూర్చోబెట్టడం. పైగా అమ్మిన ప్రతి షేరుకూ కొన్నవాడు ఒకడుంటాడు. బల్క్ డీల్‌లో ఒక ఫండ్ బయటికి పోతే ఇంకో ఫండ్ లోపలికి వస్తుంది. పది పైసలు పెరిగినంత మాత్రాన 80 కోట్లు "లోపలికి వచ్చాయి" అనడం నాకెప్పుడూ మింగుడుపడదు.

రెండో తేడా కిటికీది, అంటే లెక్కలోకి వచ్చే రోజులది. ఆర్‌ఎస్‌ఐ వాడే వైల్డర్ సగటులో పాత రోజు మెల్లమెల్లగా పలచబడుతుంది, ఎప్పటికీ పూర్తిగా పోదు. ఎమ్‌ఎఫ్‌ఐది సాదా కూడిక. 14 రోజులు నిండగానే పాత రోజు ఒక్కసారిగా జారిపోతుంది. మన ఉదాహరణే ముందుకు నడిపిద్దాం. క్లోజ్ 200.30 అయిన బల్క్ డీల్ రోజు తర్వాత వరుసగా 20 కోట్ల నెగెటివ్, 20 కోట్ల నెగెటివ్, 20 కోట్ల పాజిటివ్ వచ్చాయి. కిటికీలో ఆ 80.44 ఇంకా ఉంది కనుక ఎమ్‌ఎఫ్‌ఐ 71.5. మర్నాడు షేరు మళ్లీ పెరిగింది, 20 కోట్లు పాజిటివ్. కానీ బల్క్ డీల్ రోజు జారిపోయింది, ఎమ్‌ఎఫ్‌ఐ 50కి పడింది. ధర పెరుగుతుంటే సూచిక పడుతోందని డైవర్జెన్స్ గీతలు గీసేవాళ్లను చూస్తుంటాను. అందులో కొన్ని ఇలాంటివే. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. పడిన రోజు నుంచి వెనక్కి 14 క్యాండిళ్లు లెక్కపెట్టండి. అక్కడ ఒక పొడుగాటి వాల్యూమ్ కడ్డీ నిలబడి ఉంటే ఇవాళ్టి పతనానికి కారణం ఇవాళ లేదు.

ఇన్ని చెప్పి మరి ఎందుకు ఉంచుకున్నానంటే, ఆ సాదా కూడికే దాని మంచి గుణం కూడా. ఆర్‌ఎస్‌ఐ అంకె డేటా ఎక్కణ్నుంచి మొదలైందో దాన్నిబట్టి మారుతుంది, అందుకే రెండు యాప్‌లలో కాస్త వేరుగా కనిపిస్తుంది. 14 రోజుల ఎమ్‌ఎఫ్‌ఐకి 15 రోజుల డేటా చాలు, రోజులు అవే అయితే అంకె ఎక్కడైనా ఒకటే రావాలి. రాకపోతే ఎక్కడో డేటా తేడా ఉన్నట్టే. ఒక యాప్ ఎన్‌ఎస్‌ఈ వాల్యూమ్, ఇంకోటి బీఎస్‌ఈ వాల్యూమ్ వాడటం మామూలు విషయం.

అంతకంటే చికాకు పెట్టేది బోనస్. 1:1 బోనస్ వచ్చాక పాత ధరలను సగం చేసి, పాత వాల్యూమ్‌ను రెట్టింపు చేస్తే గుణకారం మారదు, ఎమ్‌ఎఫ్‌ఐ సరిగ్గా ఉంటుంది. ధర మాత్రం సరిచేసి వాల్యూమ్ వదిలేస్తే పాత రోజుల టర్నోవర్ సగమైపోతుంది, 14 రోజులపాటు కొత్త రోజులకు రెట్టింపు బరువు పడుతుంది. తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. పాత తేదీ ఒకటి తీసుకుని టిపికల్ ప్రైస్‌ను వాల్యూమ్‌తో గుణించి, ఎక్స్చేంజ్ చూపించే రూపాయల టర్నోవర్‌తో పోల్చండి. అటూఇటుగా సరిపోవాలి. సగం వస్తే ఆ చార్టు మీద ఎమ్‌ఎఫ్‌ఐ చూడటం దండగ.

ఇప్పుడు నా వాడకం ఇలా ఉంది. ఆర్‌ఎస్‌ఐ, ఎమ్‌ఎఫ్‌ఐ కలిసి నడుస్తుంటే ఎమ్‌ఎఫ్‌ఐ వైపు చూడను, అది కొత్తగా చెప్పేదేమీ ఉండదు. రెండూ బాగా విడిపోతే, అంటే ఆర్‌ఎస్‌ఐ 50 చుట్టూ ఉండగా ఎమ్‌ఎఫ్‌ఐ 80 పైకో 20 కిందికో పోతే, ఏ రోజు టర్నోవర్ దాన్ని లాగిందో వెతుకుతాను. సాయంత్రం ఎన్‌ఎస్‌ఈ బల్క్ డీల్స్ జాబితా, డెలివరీ శాతం చూస్తాను. ఆ రోజే తిరిగి అమ్మేయకుండా డీమ్యాట్‌లోకి తీసుకున్న షేర్ల వాటా అది. కంపెనీ షేర్లలో 0.5 శాతం మించి ఒకే ఖాతాలో చేతులు మారితే ఆ జాబితాలో పేరు ఉంటుంది. ఒకటే పెద్ద రోజు వల్ల వచ్చిన అంకె అయితే వదిలేస్తాను. నాలుగైదు రోజుల టర్నోవర్ కొంచెం కొంచెంగా పెరుగుతూ, డెలివరీ కూడా తోడుగా పెరుగుతూ ఎమ్‌ఎఫ్‌ఐని లాగితే ఆ షేరును జాబితాలో పెట్టుకుంటాను. 80 దాటిందని అమ్మడం మాత్రం ఎప్పుడో మానేశాను. గట్టి ర్యాలీలో ఎమ్‌ఎఫ్‌ఐ వారాలపాటు అక్కడే కూర్చోగలదు.

రోజూ అప్పర్ సర్క్యూట్ కొట్టే చిన్న షేర్లలో ఇది పనికిరాదు. 14 రోజులూ ధర పెరిగితే నెగెటివ్ మొత్తం సున్నా, ఎమ్‌ఎఫ్‌ఐ 100. రోజుకు వెయ్యి షేర్లే చేతులు మారినా అదే 100. నిఫ్టీ స్పాట్ చార్టు మీద కూడా పెట్టను. ఇండెక్స్‌ను ఎవరూ నేరుగా కొనరు, అమ్మరు. అక్కడ కనిపించే వాల్యూమ్ లోపలి షేర్లవి కూడి చూపించింది కావచ్చు, లేదా సున్నా కావచ్చు. నిఫ్టీకే చూడాలంటే ఫ్యూచర్స్ చార్టు తీసుకోవాలి. అక్కడ కూడా ఎక్స్‌పైరీ వారంలో పొజిషన్లు తర్వాతి నెలకు మారుతుంటే వాల్యూమ్ ఉబ్బుతుంది, ఆ ఉబ్బు కిటికీలోంచి జారిపోయే వరకు ఆగుతాను.