కొవిడ్ న్యుమోనియా: యాంటీవైరల్ మందా, స్టెరాయిడా? ఏది ఎప్పుడు మేలు?

కొవిడ్ న్యుమోనియాలో యాంటీవైరల్ మందు మేలా, స్టెరాయిడ్ మేలా అన్న ప్రశ్నకు జవాబు రోగి ఆ రోజున ఏ దశలో ఉన్నాడన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఎనిమిదో రోజున ప్రాణం నిలబెట్టిన స్టెరాయిడ్, అదే రోగికి మూడో రోజున ఇచ్చి ఉంటే మేలు చేయకపోగా కీడు చేసి ఉండవచ్చు.

తొలి వారంలో జబ్బును నడిపేది వైరస్. లక్షణాలు కనిపించిన తొలి రోజుల్లోనే అది ముక్కులో, గొంతులో గరిష్ఠ స్థాయికి చేరుకుని, ఆపైన తగ్గుముఖం పడుతుంది. రెండో వారంలో కథ మారుతుంది. వైరస్ తగ్గుతున్నా, దాన్ని ఎదిరించడానికి లేచిన రోగనిరోధక వ్యవస్థ కొందరిలో అదుపు తప్పి, ఊపిరితిత్తుల్లో గాలి నిండే చిన్న సంచులైన వాయుగోణుల గోడలను దెబ్బతీస్తుంది. ఆ గోడల గుండా ద్రవం లోపలికి ఊరి, ప్రాణవాయువు రక్తంలోకి చేరే దారి మూసుకుపోతుంది. అంటే వైరస్ దిగుతున్న వేళలోనే ఊపిరితిత్తుల గాయం పెరుగుతుంది. మందుల వేళ అంతా ఈ తేడా మీదే నిలిచి ఉంది.

యాంటీవైరల్ మందు వైరస్ పెరుగుదలను ఆపుతుందే తప్ప, అప్పటికే జరిగిన గాయాన్ని మాన్పదు. అందుకే దానికి తొలి రోజులే విలువైనవి. ముప్పు ఎక్కువగా ఉండి, టీకా తీసుకోని రోగులకు లక్షణాలు మొదలైన 7 రోజుల్లోపు రెమ్‌డెసివిర్ అనే యాంటీవైరల్‌ను మూడు రోజుల పాటు ఇచ్చిన ఒక క్లినికల్ పరీక్షలో, ఆసుపత్రి పాలు కావడమో మరణించడమో 5.3 శాతం నుంచి 0.7 శాతానికి తగ్గింది. నిర్మాట్రెల్విర్–రిటోనావిర్ మాత్రలను 5 రోజుల్లోపే మొదలుపెట్టాలి. రిటోనావిర్ చాలా మందులతో పడదు కనుక, రోగి వాడుతున్న మందులన్నీ ముందే సరిచూసుకోవాలి. వెంటిలేటర్ మీదికి వెళ్లిన రోగిలో రెమ్‌డెసివిర్ వల్ల మరణాలు తగ్గినట్టు పెద్ద పరీక్షల్లో కనిపించలేదు.

స్టెరాయిడ్ వైరస్‌ను కాక, అదుపు తప్పిన రోగనిరోధక వ్యవస్థను అణుస్తుంది. దాని విషయంలో 2020లో వెలువడిన, బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే క్లినికల్ పరీక్ష ఫలితాలు స్పష్టంగా ఉన్నాయి. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను గరిష్ఠంగా 10 రోజులు ఇచ్చినప్పుడు, 28 రోజుల్లో మరణాలు వెంటిలేటర్ మీద ఉన్నవారిలో 41.4 శాతం నుంచి 29.3 శాతానికి, కేవలం ఆక్సిజన్ మీద ఉన్నవారిలో 26.2 నుంచి 23.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ అవసరమే లేనివారిలో మాత్రం మందు తీసుకోనివారిలో 14 శాతం, తీసుకున్నవారిలో 17.8 శాతం మంది మరణించారు. ఈ చివరి తేడా యాదృచ్ఛికం కావచ్చన్నది నిజమే, కానీ మేలు జరిగిందనడానికి మాత్రం ఆధారం లేదు.

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. మధుమేహం ఉన్న 58 ఏళ్ల వ్యక్తికి జ్వరం వచ్చి మూడో రోజు. ఆక్సిజన్ స్థాయి 97. ఇప్పుడు యాంటీవైరల్ మొదలుపెట్టడమే సరి, స్టెరాయిడ్‌కు చోటు లేదు. ఇప్పుడే స్టెరాయిడ్ వేస్తే జ్వరం దిగి ఒళ్లు తేలికపడినట్టు అనిపిస్తుంది; కానీ వైరస్‌తో పోరాడాల్సిన శక్తి సన్నగిల్లుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఫంగస్ ఇన్‌ఫెక్షన్లకూ దారి తెరుచుకుంటుంది. ఆరో రోజుకి జ్వరం తగ్గలేదు, రక్తపరీక్షలో వాపును సూచించే సీఆర్‌పీ పెరిగింది, సీటీ స్కాన్‌లో మచ్చలు కనిపించాయి, కానీ ఆక్సిజన్ ఇంకా 96. చాలామంది తొందరపడేది ఇక్కడే. మచ్చలను, సీఆర్‌పీని చూసి స్టెరాయిడ్ మొదలుపెట్టకూడదని నా దృఢమైన అభిప్రాయం. రోజుకు పలుమార్లు ఆక్సిమీటర్‌తో చూసుకోవాలి, ఇంట్లోనే కాసేపు నడిచాక స్థాయి పడిపోతోందేమో కూడా గమనించాలి. ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోవడం ఈ జబ్బు లక్షణం కనుక ‘బాగానే ఉంది’ అన్న మాటను నమ్మి ఊరుకోకూడదు.

ఎనిమిదో రోజున కదలకుండా కూర్చున్నప్పుడే స్థాయి 89కి దిగింది, ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. స్టెరాయిడ్‌కు వేళ ఇదే. కొద్దిపాటి ఆక్సిజన్‌తో నెట్టుకొస్తున్న ఇలాంటి రోగికి రెండు దశలూ కలిసే ఉంటాయి కనుక, స్టెరాయిడ్‌తో పాటు రెమ్‌డెసివిర్ కూడా ఇవ్వడం సమంజసమే. అయితే జబ్బు ముదిరిందన్న భయంతో మోతాదు పెంచకూడదు: మామూలు ఆక్సిజన్ మీద ఉన్నవారికి ఎక్కువ మోతాదు డెక్సామెథసోన్ ఇచ్చినప్పుడు, మామూలు చికిత్స పొందినవారి కంటే మరణాలు పెరిగినట్టు అదే రికవరీ పరీక్షలో తరువాత తేలింది.

రోజుల లెక్క దారి చూపుతుందే గాని, నిర్ణయం ఆక్సిజన్ అవసరాన్ని బట్టే జరగాలి. అవయవ మార్పిడి జరిగినవారు, రక్త క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నవారు మాత్రం ఈ లెక్కకు లొంగరు. వారిలో వైరస్ వారాల తరబడి పెరుగుతూనే ఉండవచ్చు కనుక, పదిహేనో రోజున కూడా యాంటీవైరల్ గురించి ఆలోచించాల్సి ఉంటుంది.